సరస్సులో మునిగిన గంట
శబ్దం వెంట ప్రయాణం – 5వ భాగం

గత భాగంలో న్యూటన్‌ను ఒక చిక్కులో వదిలేసి వచ్చాం. 1687లో వచ్చిన ‘ప్రిన్సిపియా’లో ఆయన ధ్వని వేగానికి ఒక సూత్రం కట్టాడు. దాని వెనక ఉన్న ఆలోచన చాలా సూటిది. నొక్కితే యానకం ఎంత గట్టిగా ఎదురు తన్నుతుందన్నది మొదటిది. కదిలించబోతే ఎంత బరువుగా మొరాయిస్తుందన్నది రెండోది. ఈ రెండూ తెలిస్తే శబ్దం ఎంత వేగంగా పోతుందో కాగితం మీదే తేల్చవచ్చు. గాలి ఎదురుతన్నుకు ఆయన వాతావరణ పీడనాన్నే తీసుకున్నాడు.

లెక్క వేసిన తీరు కూడా ముచ్చటగా ఉంటుంది. నేల దగ్గర ఉన్నంత చిక్కదనంతోనే గాలి పై దాకా ఉండి, భారమితిలో పాదరసాన్ని నిలబెట్టాలంటే, ఆ గాలి పొర ఎంత ఎత్తుండాలి? 29,725 అడుగులని తేల్చాడు. అందులో సగం ఎత్తు నుంచి రాయి పడితే నేల తాకేటప్పటికి ఎంత వేగం అందుకుంటుందో, అదే ధ్వని వేగమన్నాడు. రెండో ముద్రణ నాటికి ఆ అంకె సెకనుకు 979 అడుగులు. కానీ అప్‌మిన్‌స్టర్ చర్చి అధికారి విలియం డెరమ్ దూరపు ఫిరంగుల మెరుపునూ మోతనూ పోల్చి కొలిచిన వేగం 1,142 అడుగులు. లెక్క ఏడో వంతు తక్కువ పడింది.

1713 నాటి రెండో ముద్రణలో న్యూటన్ ఈ లోటును పూడ్చిన పద్ధతి చూస్తే అంతటి మనిషి మీద జాలి వేస్తుంది. గాలి కణాలకు మందం ఉంది కదా, ఆ మందం మేరకు శబ్దం క్షణంలో దాటిపోతుందని చెప్పి 979ని 1,088 చేశాడు. గాలిలో కలిసిన నీటి ఆవిరి శబ్దంలో పాలుపంచుకోదని ఇంకో మాట కలిపి సరిగ్గా 1,142కి తెచ్చాడు. జవాబు ముందే తెలిసిన పిల్లాడు లెక్క ఎలా చేస్తాడో అలాగే ఉంది ఆ పేజీ. ఆ తర్వాత వందేళ్ల పాటు సూత్రాన్ని ఎవరూ కాదనలేదు, అంకెను ఎవరూ నమ్మలేదు.

చిక్కు విప్పింది లాప్లాస్. ఆయన సూచన మీద 1802లోనే తోటి శాస్త్రవేత్త బియో ఈ సంగతి రాశాడు. 1816లో లాప్లాస్ స్వయంగా చిన్న వ్యాసంలో తేల్చి చెప్పాడు. సైకిల్ పంపు కొట్టినప్పుడు దాని అడుగుభాగం వేడెక్కడం అందరం చూసిందే. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి ఇంకాస్త గట్టిగా ఎదురు తన్నుతుంది. న్యూటన్ లెక్కలో ఈ వేడికి చోటు లేదు. నొక్కినా గాలి అదే ఉష్ణోగ్రతలో ఉంటుందని ఆయన తెలియకుండానే అనుకున్నాడు.

ఆ వేడి పక్కకు జారిపోదా అని అడగవచ్చు. చూద్దాం. సెకనుకు వెయ్యి కంపనాల శబ్దంలో ఒక చోట గాలి నొక్కుకుని, మళ్లీ సడలడానికి మధ్య ఉన్న వ్యవధి సెకనులో రెండువేలో వంతు. నొక్కుకున్న చోటికీ సడలిన చోటికీ మధ్య దూరం సుమారు 17 సెంటీమీటర్లు. ఆ కాస్త వ్యవధిలో వేడి గాలిలో పాకగలిగేది మిల్లీమీటరులో పదో వంతు. అంటే వేడి పుట్టిన చోటే ఉండిపోతుంది. చదువుకున్న రోజుల్లో స్థిరోష్ణక ప్రక్రియ అన్న మాట విన్నవారికి ఇది గుర్తుండే ఉంటుంది.

ఇక్కడ ఈ భాగానికంతటికీ కావలసిన ఒక రాశిని పరిచయం చేయాలి. దాని పేరు బల్క్ మాడ్యులస్. ఒక పదార్థం ఘనపరిమాణాన్ని ఒక శాతం తగ్గించడానికి ఎంత పీడనం పెంచాలో కనుక్కుని, దాన్ని వందతో హెచ్చవేస్తే వచ్చేదే అది. దాన్ని K అనీ, సాంద్రతను ρ అనీ అంటే న్యూటన్ సూత్రం ఒక్క ముక్కలో ఇమిడిపోతుంది:

v = √(K/ρ)

సూత్రం న్యూటన్‌ది, దానికి లాప్లాస్ చేసిన మరమ్మతు K దగ్గర. వేడిని పోనిచ్చి నింపాదిగా నొక్కితే గాలి K వాతావరణ పీడనానికి సమానం, అంటే సుమారు 1,01,000 పాస్కల్. వేడి పోకుండా చటుక్కున నొక్కితే అది 1.4 రెట్లు, అంటే 1,42,000 పాస్కల్. మొదటిది వేస్తే 15 డిగ్రీల గాలిలో ధ్వని వేగం సెకనుకు 288 మీటర్లు వస్తుంది, రెండోది వేస్తే 340. న్యూటన్‌కు తగ్గిన ఏడో వంతు అంతా ఆ 1.4 వర్గమూలంలోనే ఉంది. లాప్లాస్‌కు కూడా మొదట్లో 1.4 తెలియదు. అప్పటికి దొరికిన ఉష్ణ కొలతల నుంచి ఆయన తీసిన నిష్పత్తి 1.5 దాకా పోయి, లెక్క కొలత కంటే కాస్త ఎక్కువ చూపింది. కాని తప్పు ఇప్పుడు సిద్ధాంతంలో లేదు, కొలతల్లోనే ఉంది. కొలతలను మెరుగు చేసుకోవచ్చు.

ఆ కొలతల్లో ఒకటి మన పక్కనే జరిగింది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వేధశాలను చూసుకునే జాన్ గోల్డింగ్‌హామ్ 1820, 1821లలో సెయింట్ జార్జి కోటలోనూ, సెయింట్ థామస్ కొండ దగ్గరా పేలే తుపాకుల మెరుపుకూ మోతకూ మధ్య వ్యవధిని నెలల తరబడి రాయించాడు. నుంగంబాకంలోని వేధశాలకు కోట నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, కొండ సుమారు తొమ్మిది కిలోమీటర్లు. ఫలితాలు 1823లో రాయల్ సొసైటీ సంపుటంలో వచ్చాయి. పారిస్‌లో ఇదే వేగాన్ని కొలిచినవాళ్లు ఒకటి రెండు రాత్రుల్లో ముగించారు. గోల్డింగ్‌హామ్ మాత్రం ఏడాది పొడవునా కొలిచాడు కాబట్టి ఋతువుతో పాటు వేగం పెరిగి తగ్గడం ఆయన పట్టికల్లో కనిపిస్తుంది. దాని కారణం పై సూత్రంలోనే ఉంది. భారమితి పెరిగితే K పెరుగుతుంది, సాంద్రతా అంతే పెరుగుతుంది, నిష్పత్తి మారదు. ఉష్ణోగ్రత పెరిగితే మాత్రం అదే పీడనంలో గాలి పల్చబడుతుంది, వేగం డిగ్రీకి 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. చలికాలపు ఉదయానికీ వేసవికీ ఉన్న తేడాలో కొంత ఇది, మిగతాది గాలివాటం.

ఇంతవరకూ గాలి సంగతి. నీటి దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. గాలి విషయంలో వేగం తెలుసు, K దగ్గర తడబాటు. నీటి విషయంలో అసలు K ఉందో లేదో కూడా చాలా కాలం తెలియదు. 17వ శతాబ్దంలో ఫ్లోరెన్స్ అకాడమీ వాళ్లు వెండి గుండును నీటితో నింపి, మూసి, సుత్తితో కొట్టారు. నీరు నలగలేదు, వెండి గోడలోంచి చెమటలా బయటికి ఊరింది. నీరు నొక్కుడుకు లొంగదన్న నమ్మకం అలా బలపడింది. 1762లో ఇంగ్లండ్ స్కూలు మాస్టరు జాన్ కాంటన్ సన్నని గొట్టంలో నీటి మట్టాన్ని చూస్తూ, చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని మార్చి, మట్టం కాసింత కదలడం చూపించాడు. నీరు లొంగుతుంది, కాకపోతే ఒక వాతావరణ పీడనానికి పది లక్షల్లో యాభై భాగాలు కూడా సరిగ్గా తగ్గదు.

ఇంత చిన్న అంకెను నమ్మకంగా కొలవడం ఎలా? పారిస్ సైన్స్ అకాడమీ ద్రవాల కుదింపు మీద బహుమతి ప్రకటించింది. జెనీవా నుంచి పారిస్ వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లు, డానియెల్ కొలాడన్, షార్ల్ స్టూర్మ్, దానికి పోటీ పడ్డారు. ఇద్దరికీ పాతికేళ్లు నిండలేదు. స్టూర్మ్ పేరు గణితం చదివిన వారికి తెలిసే ఉంటుంది, సమీకరణాల మూలాలను లెక్కపెట్టే సిద్ధాంతంతో తర్వాత ఆయన ప్రసిద్ధుడయ్యాడు.

ప్రయోగశాలలో వాళ్లు చేసిన పని ఇది. సన్నని మెడ ఉన్న గాజు బుడ్డిలో నీరు పోసి, దాన్ని ఇంకో పాత్రలో మునిగేలా ఉంచి, లోపలా బయటా ఒకేసారి పీడనం పెంచడం. డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ 1822లో చూపిన పద్ధతి అది. లోపలా బయటా ఒకే పీడనం కాబట్టి బుడ్డి పగలదు, ఉబ్బదు. చాలామంది అక్కడితో ఆగిపోయి, మెడలో మట్టం ఎంత దిగితే నీరు అంత తగ్గిందనుకున్నారు. కాని గాజు కూడా పదార్థమే. నాలుగు వైపుల నుంచీ నొక్కితే అదీ నలుగుతుంది, దానితో బుడ్డి లోపలి చోటు తగ్గుతుంది. అందువల్ల నీరు నిజంగా తగ్గిన దానికంటే తక్కువ తగ్గినట్టు కనిపిస్తుంది. గాజు వాటా పది లక్షల్లో రెండు మూడు భాగాలే, కానీ మొత్తం యాభైలో అది చిన్నదేమీ కాదు. కొలాడన్, స్టూర్మ్ దాన్ని కలుపుకున్నారు. నీటిలో గాలి బుడగలు మిగిలితే లెక్క చెడుతుందని ముందుగానే నీటి నుంచి గాలిని తీసేశారు. చివరికి ఒక వాతావరణ పీడనానికి పది లక్షల్లో దాదాపు 50 భాగాలు తగ్గుతుందని తేల్చారు.

అంకె సరైనదేనా అని పరీక్షించడానికి వాళ్లు ఎంచుకున్న దారి ఈ కథలో అన్నిటికంటే అందమైనది. కుదింపు తెలిస్తే K తెలిసినట్టే, K తెలిస్తే ధ్వని వేగం చెప్పవచ్చు. అయితే ఆ వేగాన్ని విడిగా నేరుగా కొలిచి చూస్తే పోలే! దానికి పెద్ద నీళ్లు కావాలి. పారిస్ దగ్గర సీన్ నది ఉంది కాని, కొలాడన్ సొంత ఊరి దగ్గర అంతకంటే మంచిది, ఐరోపాలోనే లోతైన సరస్సుల్లో ఒకటి ఉంది.

1826 నవంబరు. జెనీవా సరస్సు వెడల్పుగా ఉన్న చోట, స్విస్ ఒడ్డున రోల్ ఊరి దగ్గర ఒక పడవ, ఎదుటి సవోయ్ ఒడ్డున తోనోన్ వైపు మరో పడవ. మధ్య దూరం 13,487 మీటర్లు. మొదటి పడవ కింద సుమారు 65 కిలోల గంటను నీళ్లలోకి వేలాడదీశారు. దాన్ని కొట్టే సుత్తికి పొడుగాటి వంపు పిడి. పిడి పై భాగానికి వెలుగుతున్న వత్తి కట్టారు. సుత్తి కింద గంటకు తగిలే క్షణానికి వత్తి పైన మందుగుండు మీద వాలేటట్టు అమర్చారు. గంట, మెరుపు రెండూ ఒకే ఊపులో. రాత్రి చీకటిలో ఆ మెరుపు ఎదుటి పడవకు కనిపిస్తుంది.

ఎదుటి పడవలో కొలాడన్. ఆయన చేతిలో రేకుతో చేసిన పొడుగాటి గొట్టం. కింది భాగం వెడల్పుగా, నీళ్లు లోపలికి రాకుండా మూసి ఉంది, గంట దిక్కుకు తిప్పి ఉంది. పై కొన చెవి దగ్గర. నీటిలో వచ్చిన కంపనం పల్చని రేకును కదిలిస్తుంది, రేకు లోపలి గాలిని కదిలిస్తుంది, చెవికి చేరుతుంది. ఈ ఏర్పాటు లేకపోతే నీటిలోని శబ్దంలో చాలా మటుకు నీటి ఉపరితలం నుంచే వెనక్కి తిరిగిపోతుంది, పడవలో కూర్చున్న మనిషికి ఏమీ వినపడదు. కన్ను మెరుపు వైపు, చెవి గొట్టానికి, వేలు గడియారం మీద. విన్నది మామూలు గంట మోత కాదట, రెండు కత్తి అలుగులు ఒకదానికొకటి తగిలినట్టు పొట్టిగా, పొడిగా ఉండేదట. అదీ మంచిదే, గణగణలాడే మోత ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

గడియారం పావు సెకను వరకే చూపేది. పదమూడున్నర కిలోమీటర్ల దూరం ఎందుకు పెట్టుకున్నారో ఇక్కడే తెలుస్తుంది. కిలోమీటరు దూరమైతే శబ్దం సెకనులోపే వచ్చేస్తుంది, పావు సెకను తప్పు అంటే మూడో వంతు తప్పు. ఇంత దూరంలో అదే తప్పు మూడు శాతం లోపు. పలుమార్లు కొలిచి సగటు తీస్తే ఇంకా తగ్గుతుంది. సగటు 9.4 సెకన్లని తేలింది. 13,487ను 9.4తో భాగిస్తే సెకనుకు 1,435 మీటర్లు. అదే దూరాన్ని పైనున్న గాలిలో దాటడానికి శబ్దానికి 40 సెకన్లు పట్టేది.

ఇప్పుడు ప్రయోగశాల అంకెతో పోల్చుదాం. ఒక వాతావరణ పీడనానికి పది లక్షల్లో 50 భాగాలు అంటే, నీటి K రెండు వందల నాలుగు కోట్ల పాస్కల్ దగ్గర పడుతుంది. గాలి K లక్షా నలభై రెండు వేలు. గాలి కంటే నీరు పద్నాలుగు వేల రెట్లకు పైగా బిరుసు. నీరు ఎనిమిది వందల రెట్లు బరువు కూడా. బిరుసు వేగాన్ని పెంచితే బరువు తగ్గిస్తుంది. పద్నాలుగు వేల పైచిలుకును ఎనిమిది వందలతో భాగిస్తే పద్దెనిమిది, దాని వర్గమూలం నాలుగుంబావు. సరస్సు మీది చలిగాలిలో ధ్వని వేగం 336 మీటర్లు, దానికి నాలుగుంబావు రెట్లు 1,428. కొలాడన్, స్టూర్మ్ లెక్క కట్టి చెప్పిందీ 1,428 మీటర్లే. కొలిచింది 1,435. చిన్న గాజు బుడ్డిలో మట్టం దిగడం నుంచి తీసిన అంకె, పద్నాలుగు కిలోమీటర్ల సరస్సులో గంటతో కొలిచిన అంకె, రెండింటికీ మధ్య తేడా అర శాతం. 1827లో బహుమతి వాళ్లకే దక్కింది. ఆ చల్లదనంలో శుద్ధమైన నీటికి ఈనాటి కొలత 1,439.

ఒక అనుమానం రావాలి. గాలి విషయంలో లాప్లాస్ వేడిని కలుపుకోవాలన్నాడు కదా, నీటికి ఆ సవరణ ఏది? కొలాడన్ వాళ్లు బుడ్డిలో నింపాదిగా నొక్కి తీసిన K నే వాడారు, అయినా జవాబు కుదిరింది. ఇందులో అదృష్టం పాలు కొంత ఉంది. నొక్కితే వేడెక్కడం, వేడెక్కితే వ్యాకోచించడం ఒకే గుణానికి రెండు ముఖాలు. వేడికి వ్యాకోచించని పదార్థాన్ని ఎంత చటుక్కున నొక్కినా వేడెక్కదు. నీరు 4 డిగ్రీల దగ్గర వ్యాకోచించడం మానేస్తుంది, అక్కడే దాని సాంద్రత అత్యధికం. ఆ రాత్రి సరస్సు నీరు 8 డిగ్రీలు. గాలికి 1.4గా ఉన్న నిష్పత్తి ఆ నీటికి 1.0005 మాత్రమే. వేగంలో తేడా అర మీటరు కూడా రాదు. న్యూటన్ గాలికి చేసిన పొరపాటును నీటికి చేసి ఉంటే ఎవరూ పట్టుకోలేకపోయేవారు!

గాలి బుడగల గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. నీటిలో ఒక శాతం ఘనపరిమాణం మేరకు సన్నని బుడగలుంటే ధ్వని వేగం ఎంతుంటుంది? నీటి వేగానికీ గాలి వేగానికీ మధ్య ఎక్కడో ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. వచ్చేది సెకనుకు 120 మీటర్లు, రెండింటి కంటే తక్కువ. బరువంతా నీటిది, మెత్తదనమంతా బుడగలది. నొక్కుడుకు లొంగేది ఆ ఒక్క శాతమే, కదలాల్సిన బరువు మిగతా తొంభైతొమ్మిదిది. బుడ్డిలో గాలి మిగలకూడదని కొలాడన్ వాళ్లు అంత పట్టుబట్టడంలో అర్థం ఇదే.

ఇక ఈ K అసలు పనికొచ్చే రెండో చోటికి వద్దాం. శబ్దం ఊసే లేని ప్రవాహాల్లోకి.

నీటి ప్రవాహానికి, సాంద్రత మారదనుకుని రాసిన సమీకరణాలను గాలికి కూడా నిశ్చింతగా వాడుకోవడం పాత అలవాటు. పైకి ఇది ఘోరంగా కనిపిస్తుంది. నీటి కంటే పద్నాలుగు వేల రెట్లు మెత్తగా ఉన్న గాలిని నలగని పదార్థమనడం ఏమిటి? కాని అడగవలసిన ప్రశ్న గాలి మెత్తనా కాదా అన్నది కాదు. ఆ ప్రవాహం గాలిని ఎంత నొక్కుతుందన్నది.

విశాఖపట్నాన్నే తీసుకుందాం. భవనాల మీద గాలి భారాన్ని లెక్కగట్టే ఐఎస్ 875 మూడో భాగంలో ఆ నగరానికి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తుపాను గాలి. ఆ పత్రంలోనే పీడనానికి ఇచ్చిన సూత్రం వేగ వర్గాన్ని 0.6తో హెచ్చవేయమంటుంది. ఆ 0.6 ఎక్కడిదో కాదు, గాలి సాంద్రత 1.2లో సగం. 50 వర్గం 2,500, దానికి 0.6 వంతు 1,500 పాస్కల్. గోడకు ఎదురుగా వచ్చి ఆగిపోయిన గాలి మీద పడే అదనపు పీడనం అదీ. చదరపు మీటరుకు నూట యాభై కిలోల బరువు, తలుపులు ఊడిపోవడానికి చాలు. కాని గాలిని నలపడానికి? K 1,42,000. 1,500ను దానితో భాగిస్తే ఒక శాతం చిల్లర. తుపాను గాలి గోడకు కొట్టుకున్న చోట కూడా గాలి చిక్కబడేది ఒక్క శాతమే. ఇంజినీరు ఆ ఒక్క శాతాన్ని వదిలేస్తే భవనానికేమీ కాదు. పీడనాన్ని వదిలేస్తే భవనం ఉండదు. సాంద్రత మారదనుకోవడమంటే పీడనం మారదనుకోవడం కాదు, ఈ తేడాను చాలామంది కలగాపులగం చేస్తారు.

ఈ భాగహారాన్ని అంకెలు లేకుండా చేస్తే అసలు రహస్యం బయటపడుతుంది. ప్రవాహం తెచ్చే పీడనం సగం ρ సార్లు ప్రవాహ వేగ వర్గం. K అంటే ρ సార్లు ధ్వని వేగ వర్గం, పై సూత్రాన్ని తిరగేస్తే వచ్చేదే. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే ρ కొట్టుకుపోతుంది:

Δρ/ρ ≈ ½M²

M అంటే ప్రవాహ వేగాన్ని ధ్వని వేగంతో భాగించగా వచ్చేది. 1880లలో పరుగెత్తే తుపాకీ గుండు ముందు గాలి అలలను ఫొటో తీయించిన ఎర్న్‌స్ట్ మాక్ పేరు మీద, జ్యూరిక్‌లో యాకోబ్ ఆకెరెట్ 1929లో దీన్ని మాక్ సంఖ్య అన్నాడు. యానకం మెత్తదా, గట్టిదా అన్న సంగతంతా ధ్వని వేగంలోనే ఇమిడిపోయింది కాబట్టి ఇంకేమీ అడగనక్కర్లేదు. మనకు కావలసింది వర్గం గుర్తు. మాక్ 0.1 దగ్గర సాంద్రతలో మార్పు అర శాతం, 0.2 దగ్గర రెండు శాతం, 0.3 దగ్గర నాలుగున్నర. పుస్తకాల్లో 0.3 దాకా గాలిని నలగనిదిగా తీసుకోవచ్చని రాసేది ఇందుకే. అక్కడ గోడేమీ లేదు. ఐదు శాతం లోపు తప్పును మన్నిస్తామన్న ఒడంబడిక మాత్రమే. ఒక శాతం కూడా మన్నించలేని పనైతే హద్దు 0.14కి దిగుతుంది.

1903లో రైట్ సోదరుల విమానం గాలిలో సెకనుకు పద్నాలుగు మీటర్ల వేగంతో కదిలింది. మాక్ 0.04, సాంద్రతలో మార్పు పదివేలలో ఎనిమిది భాగాలు. గాలి నలుగుతుందన్న విషయం వాళ్లు తలుచుకోవలసిన పనే లేకపోయింది. కాని ఆ నిశ్చింత మొదట చెడింది రెక్కల దగ్గర కాదు, ప్రొపెల్లర్ కొసల దగ్గర. 2.7 మీటర్ల వ్యాసం ఉన్న ప్రొపెల్లర్ నిమిషానికి 1,800 చుట్లు తిరిగితే దాని కొస సెకనుకు 254 మీటర్ల వేగంతో పోతుంది. విమానం ఎంత నెమ్మదిగా పోతున్నా కొస మాక్ 0.75. సగం వర్గం 28 శాతం. అంత దూరం పోయాక పై సూత్రమే పూర్తిగా నమ్మదగింది కాదు, మన లెక్క తప్పుతోందని చెప్పడానికి మాత్రం చాలు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలోని డేటన్ దగ్గర మెకూక్ ఫీల్డ్‌లో ఫ్రాంక్ కాల్డ్‌వెల్, ఎలీషా ఫేల్స్ గంటకు ఏడు వందల కిలోమీటర్లు దాటే గాలి సొరంగం కట్టి, ప్రొపెల్లర్ రెక్క ఆకారాలను అందులో పెట్టి చూశారు. ఒక వేగం దాటగానే మందపాటి రెక్కకు ఎత్తే బలం పడిపోయింది, ఈడ్పు ఎగబాకింది. దానికి విరుగుడుగా వాళ్లు కనుగొన్నది కొసల దగ్గర పల్చని రెక్కలు.

నీటిలో ఈ బెడద ఎదురు కాదు. నీటిలో మాక్ 0.3 చేరాలంటే సెకనుకు 430 మీటర్లు పోవాలి. అంతకు ముందే, పద్నాలుగు మీటర్ల దగ్గరే, ప్రవాహం తెచ్చే పీడన తేడా ఒక వాతావరణ పీడనమంత అవుతుంది. ఓడ ప్రొపెల్లర్ రెక్కకు ఒక వైపు పీడనం పడిపోయి నీరు ఆవిరి బుడగలుగా విచ్చుకుంటుంది. నలగడానికి ముందే మరుగుతుందన్నమాట.

అయితే నీటి గొట్టాల్లో అసలు నలుగుడు లేదని ధీమాగా ఉండవచ్చా? ఇక్కడే పెద్ద మెలిక ఉంది, అది తెలియక పగిలిన గొట్టాలు కోకొల్లలు. 19వ శతాబ్దం చివర మాస్కో నగర నీటి సరఫరాలో పెద్ద గొట్టాలు పగిలిపోతుంటే, నికొలాయ్ జుకోవ్‌స్కీ 1897, 1898లలో అలెక్సేయెవ్‌స్కాయా పంపింగ్ కేంద్రంలో నేల మీద పొడుగాటి గొట్టాలు పరిపించి పరీక్షించాడు. గొట్టంలో నీరు సెకనుకు మీటరు వేగంతో పోతోందనుకుందాం. మాక్ వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. సగం వర్గం సూత్రం ప్రకారం నీటి నలుగుడు కోటిలో రెండు మూడు భాగాలు. ఆపితే పెరగవలసిన పీడనం ఐదు వందల పాస్కల్, ఏమంత లెక్కలోది కాదు.

ఆ వాల్వును చటుక్కున మూసేస్తే పెరిగే పీడనం దాదాపు పదమూడు వాతావరణ పీడనాలు!

ఎందుకంటే వాల్వు మూసుకున్న సంగతి వెనక నీటికి వెంటనే తెలియదు. వాల్వు దగ్గరి నీరు ఆగుతుంది, వెనకది ఇంకా వస్తూనే ఉంటుంది, ఆగిన దాన్ని నలుపుతుంది. ఆగమన్న కబురు ధ్వని వేగంతోనే వెనక్కి పోతుంది. ఆ కబురు దాటిన ప్రతి మీటరు నీరూ ఒక్కసారిగా నిలిచిపోతుంది. ఇలాంటప్పుడు పీడనం పెరుగుదల ρ సార్లు ధ్వని వేగం సార్లు ప్రవాహ వేగం. దాన్ని Kతో భాగిస్తే వచ్చేది సగం M వర్గం కాదు, ఉత్త M. చిన్న సంఖ్యల దగ్గర వర్గానికీ ఉత్త సంఖ్యకూ ఉన్న దూరం ఎంతో చూడండి, ఐదు వందల పాస్కల్ పదమూడు లక్షలయింది. జుకోవ్‌స్కీ సన్న గొట్టాల్లో అల వేగం సెకనుకు సుమారు 1,280 మీటర్లు, సరస్సులోని 1,435 కంటే తక్కువ. గొట్టం గోడ కూడా కాస్త సాగుతుంది కాబట్టి, నీటి K, గోడ మెత్తదనం కలిసి కాస్త తక్కువ బిరుసుగా పనిచేస్తాయి. గొట్టం ఎంత లావైతే, గోడ ఎంత పల్చనైతే, వేగం అంత తగ్గుతుంది.

కాబట్టి తక్కువ మాక్ సంఖ్య ఒక్కటే సరిపోదు. మార్పు నింపాదిగా రావాలి కూడా. ఎంత నింపాదిగా అన్నది గొట్టం పొడవు చెబుతుంది. 640 మీటర్ల గొట్టంలో ఆగమన్న కబురు అటు చివరకు పోయి తిరిగి రావడానికి ఒక సెకను. సెకను లోపల మూసేస్తే దెబ్బ పూర్తిగా పడుతుంది. పది సెకన్లు తీసుకుని మూస్తే అటు నుంచి తిరిగొచ్చే అలలు పెరుగుతున్న పీడనాన్ని ఎప్పటికప్పుడు సడలిస్తాయి, దెబ్బలో పదో వంతు మిగులుతుంది. పెద్ద వాల్వులకు మర చక్రాలు పెట్టి, గబగబా తిప్పడానికి వీల్లేకుండా చేసేది ఇందుకే.

జుకోవ్‌స్కీ అక్కడితో ఆగలేదు. వాల్వు దగ్గర పీడనాన్ని కాగితం మీద గీసే పరికరం పెట్టాడు. గొట్టంలో ఎక్కడైనా నీరు కారుతున్నా, గాలి చేరి ఉన్నా, అల అక్కడ కొంత వెనక్కి తిరుగుతుంది, గీతలో చిన్న గంటు పడుతుంది. గంటు ఎంతసేపటికి పడిందో చూసి, దాన్ని అల వేగంతో హెచ్చవేసి, సగం చేస్తే తవ్వకుండానే ఆ చోటు తెలుస్తుంది. సెకనులో పదో వంతుకు గంటు కనిపిస్తే, పార పట్టుకుని వాల్వు నుంచి 64 మీటర్ల దూరానికి వెళ్లాలి.

(సశేషం)